బస్సు కిటికీ దగ్గర అన్న మాట

సీసాల కంపెనీ క్వార్టర్లు,
మార్చి 20

ఒరేయ్ ముల్లూ,

తండ్రివయ్యాక నన్ను మర్చిపోతావని నాకు తెలుసు. కానీ మరీ ఇంత త్వరగానా? ఆ రోజు నువ్వు బస్సెక్కి నెల దాటింది. గది ఖాళీ చేసి వెళ్ళిపోతున్నావని మీ ఇంటి ఓనరు చెబితే, డ్యూటీ దిగినవాణ్ణి దిగినట్టే బస్టాండుకి పరిగెత్తుకొచ్చాను. కాళ్ళకి కంపెనీ బూట్లు కూడా విప్పలేదు. సరిగ్గా రెండు నిమిషాలు దొరికావు, అదీ కిటికీలోంచి. అయినా ఆ రెండు నిమిషాల్లోనే వినాల్సిన మాట విన్నాను కాబట్టి నాకు ఏ బాధా లేదు.

అప్పటినుంచి కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుంటున్నాను, మా ముల్లుగాడికి కొడుకు పుట్టాడని. మా అక్క అయితే నాకంటే సంబరపడిపోయింది. ఇంట్లో ఉన్న మెత్తటి గుడ్డంతా ముందేసుకుని రెండు చిన్న చొక్కాలు కుట్టింది. గుండీలు పెడితే పసివాడికి ఒత్తుకుంటాయని దారాలు పెట్టింది. పార్సిల్లో పంపుతున్నాను. వాడికి అప్పుడే చిన్నవైపోతే ఆ తప్పు నీ బద్ధకానిది, మా అక్కది కాదు.

ఎవరి పోలిక? నీ ముక్కు మాత్రం రాకూడదని కోరుకుంటున్నాను. చెల్లెమ్మ ఎలా ఉంది? మీ మామగారి గడియారాల కొట్టులో పని కుదిరిందా? వివరంగా రాయి. ఫోన్ మాత్రం చెయ్యకు. ఆఫీసువాళ్ళు పిలిచేసరికి నేను లైను మీద ఉంటాను, పైగా ఉత్తరంలో ఉన్న తీరిక ఫోన్లో ఉండదని నీకు ఎన్నోసార్లు చెప్పాను.

వాడి బుగ్గ గిల్లకుండా, ఊరికే తాకి, నా పేరు చెప్పు.

నీ
సీసా

•

గడియారాల కొట్టు, మేడమీద గది,
ఏప్రిల్ 2

మిత్రుడికి,

నీ పార్సిల్ అందింది. తిరిగి పంపుతున్నాను. దాన్ని విప్పింది నేను కాదు, మీ చెల్లెలు. మా అమ్మ దగ్గర్నుంచి ఏదో వచ్చిందనుకుని విప్పింది. ఆ రోజంతా మళ్ళీ మంచం దిగలేదు.

నువ్వు కావాలని చేశావని అనలేను. కానీ ఏమనుకోవాలో కూడా తెలియడం లేదు. ఆ రోజు బస్సు కిటికీ దగ్గర "చెల్లెమ్మ ఎలా ఉంది?" అని అడిగావు. "బాబు పోయాడురా" అన్నాను. పుట్టింట్లో నెల ముందే కాన్పయి, నాలుగు రోజులు బతికి పోయాడు. ఆ మాట అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళకి చెప్పనక్కర్లేకపోయింది, వాళ్ళే చూశారు. నోరు తెరిచి మొదట చెప్పుకున్నది నీకే.

నువ్వు నవ్వావు. నవ్వి, బస్సు రేకు మీద చేత్తో రెండు దెబ్బలు చరిచి, "మరి మిఠాయి ఏదిరా?" అని అరిచావు.

ఇక ఉత్తరాలు అవసరం లేదనుకుంటాను.

•

సీసాల కంపెనీ క్వార్టర్లు,
ఏప్రిల్ 6

ముల్లూ,

నీ ఉత్తరం గేటు దగ్గరే చదివి, అక్కడే కూర్చుండిపోయాను. వాచ్‌మెన్ నీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

నాకు వినబడలేదురా. పుట్టాడు అన్నావనుకున్నాను. బస్సు ఇంజను మోగుతోంది, చుట్టూ జనం. నీకు కొడుకు పుట్టాడనే విన్నాను, నెలన్నరగా అదే సంతోషంలో ఉన్నాను. నా మీద నాకే అసహ్యంగా ఉంది. ఆ చొక్కాలు పంపినందుకు చెల్లెమ్మ కాళ్ళ మీద పడాలనిపిస్తోంది. అక్కకి చెబితే వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుంది.

ఇంతకంటే ఏం రాయాలో తెలియడం లేదు. నన్ను క్షమించమని అడిగే ధైర్యం కూడా లేదు. వినబడలేదు. అంతే జరిగింది.

నీ సీసా

•

గడియారాల కొట్టు,
మే 11

మిత్రుడికి,

నీ ఉత్తరానికి జవాబు రాయకూడదనే అనుకున్నాను. కానీ నిన్న ఒకటి జరిగింది కాబట్టి రాస్తున్నాను.

ముందు పాతది తేల్చుకుందాం. వినబడలేదన్నావు. అదే కిటికీ దగ్గర, అదే ఇంజను మోతలో, "ఎప్పుడొచ్చావు?" అంటే "ఇప్పుడే" అన్నావు. "డ్యూటీ అయిపోయిందా?" అంటే "దిగి నేరుగా ఇటే వచ్చా" అన్నావు. ఆ రెండూ వినబడ్డాయి, మూడోది మాత్రం వినబడలేదా? చెవులు అలా ఏరుకుని వింటాయా? పదిహేనేళ్ళ స్నేహంలో నువ్వు చెవిటివాడివని నాకు ఏనాడూ తెలియదే. గదిలో ఇద్దరం కూర్చుని గంటలు గంటలు మాట్లాడుకున్నాం కదా.

ఇక నిన్నటి సంగతి. మీ కంపెనీ వైరుమేన్ ఇటు పెళ్ళికొచ్చి, వాచీ పట్టీ వేయించుకుందామని మా కొట్టుకొచ్చాడు. నీ సంగతి అడగకుండా ఉండలేకపోయాను. నువ్వు ఈ మధ్య ప్రతివాళ్ళ చేతా రెండేసి మూడేసి సార్లు చెప్పించుకుంటున్నావట. క్యాంటీన్లో టీ పోసేవాణ్ణీ, ఫోర్‌మన్‌నీ, ఆఖరికి దారి అడిగిన కొత్తవాణ్ణీ ఎవరినీ వదలడం లేదట. "ఏమన్నారు? మళ్ళీ చెప్పండి" అంటున్నావట. నీకు 'మళ్ళీ' అని పేరు కూడా పెట్టారట. "ఏప్రిల్ దాకా బాగానే ఉండేవాడు సార్, ఉన్నట్టుండి మొదలెట్టాడు" అన్నాడు.

ఏప్రిల్ అంటే నా ఉత్తరం అందాక. అదే నాకు మింగుడుపడడం లేదు. నా దగ్గర వినబడలేదని చెప్పావు కాబట్టి, దానికి తగ్గట్టు ఊళ్ళో చెవిటి వేషం కడుతున్నావా? సాక్ష్యానికి మనుషుల్ని తయారుచేసుకుంటున్నావా? నా కొడుకు చావు మీద నువ్వు నవ్విన నవ్వు ఎంత దారుణమో, ఈ వేషమూ అంతే అనిపిస్తోంది. కాదని నిరూపించగలిగితే రాయి. ఈసారి వినబడలేదు అనే ఒక్క ముక్కతో సరిపెట్టకు.

•

సీసాల కంపెనీ క్వార్టర్లు,
మే 19

ముల్లూ,

అడిగావు కాబట్టి అంతా రాస్తాను. ఇప్పటిదాకా అక్కకి కూడా పూర్తిగా చెప్పలేదు.

నా పని నీకు తెలుసు. వెనక తెల్లటి లైటు తెర, ముందు ఒకదాని వెంట ఒకటి కదిలిపోయే సీసాలు. పగులున్నదీ, లోపల చెత్త ఉన్నదీ కంటబడితే తీసి పక్కన పెట్టాలి. చూడ్డానికి కళ్ళతో చేసే పని. కానీ నిమిషానికి వందల సీసాలు గాజుకి గాజు తగులుతూ పోతుంటే ఆ షెడ్డులో మోత ఎంతంటే, పక్కవాడు చెవిలో అరిచినా అందదు. తొమ్మిదేళ్ళు. చెవుల్లో దూది పెట్టుకునేవాళ్ళం. అది చలికి తప్ప మోతకి పనికిరాదని ఇప్పుడు తెలిసింది.

మొదట్లో డ్యూటీ దిగాక చెవులు దిబ్బళ్ళు వేసినట్టుండి, లోపల సన్నగా 'కీ' మని మోగేది. తెల్లారేసరికి సర్దుకునేది. తర్వాత మధ్యాహ్నానికి గానీ సర్దుకునేది కాదు. తర్వాత ఆ మోత మిగిలిపోయింది, వినికిడి తిరిగి రాలేదు. ఏ రోజున రాలేదో చెప్పలేను. నాలుగేళ్ళ క్రితం నువ్వొకసారి ఆడవాళ్ళ చిన్న వాచీ బాగుచేసి, నా చెవి దగ్గర పెట్టి "ఎంత సన్నగా కొట్టుకుంటోందో చూడు" అన్నావు. "ఆ, భలే ఉంది" అన్నాను. నాకేమీ వినబడలేదు. వాచీ ఆగిపోయిందేమో, పాపం నువ్వు గమనించలేదేమో అని కూడా అనుకున్నాను.

నువ్వు అనుకునే చెవుడు నాది కాదు. నిశ్శబ్దం కాదు. గొంతు వినబడుతుంది. ఎవరో తెలుస్తుంది, కోపమో నవ్వో తెలుస్తుంది. మాట ఏమిటో తెలియదు. పోయినవి సన్నటి చప్పుళ్ళు మాత్రమే. మన మాటలో అచ్చులు లావుగా, గట్టిగా ఉంటాయట. స, చ, త, క, ప లాంటివి సన్నగా, గాలిలా ఉంటాయట. పలకమీద గుణింతం రాసి అక్షరాలు చెరిపేసి, దీర్ఘాలూ గుడులూ కొమ్ములూ మాత్రం వదిలేస్తే ఎలా ఉంటుందో నాకు మాట అలా చేరుతుంది. పాలు, చాలు, కాలు మూడూ నా చెవికి ఒకటే. ఏది ఏదో సందర్భాన్ని బట్టి ఊహించుకోవాలి.

ఊహించడంలో నేను పండిపోయాను, అదే నా కొంప ముంచింది. అన్నం వడ్డిస్తూ అక్క "చాలా?" అంటుంది. నాకు "పాలా?" అని వినబడుతుంది. "వద్దు" అంటాను. ఆవిడ గరిటె వెనక్కి తీసుకుంటుంది. చూశావా, తప్పు విన్నా సరైన జవాబే పడింది. రోజుకి పదిసార్లు అలా పడుతుంటే, నాకేమీ కాలేదని నేనే నమ్మేశాను. తక్కిన చోట్ల అందరూ నవ్వినప్పుడు నవ్వేవాణ్ణి, ఎదుటివాడి కనుబొమలు పైకి లేస్తే "అవునా" అనేవాణ్ణి. నన్ను అందరూ మంచి శ్రోత అనేవారు.

ఏరుకుని వింటానా అన్నావు. నువ్వడిగిన మొదటి రెండు ప్రశ్నలూ నేను వినలేదురా. బస్టాండులో ఎదురుపడ్డ స్నేహితుడు మొదట ఏమడుగుతాడు? ఎప్పుడొచ్చావనే. కంపెనీ బూట్లతో వచ్చినవాణ్ణి తర్వాత ఏమడుగుతాడు? డ్యూటీ గురించే. నువ్వు నా కాళ్ళ వైపు చూసి మాట్లాడావు, అది చాలింది. గదిలో గంటలు మాట్లాడుకున్నామంటావా, అది నిజమే. నువ్వు బల్ల మీద దీపం పెట్టుకుని వాచీల ముళ్ళు బిగించేవాడివి. వెలుగంతా నీ మొహం మీదే, చుట్టూ చప్పుడు లేదు. అక్కడ నాకు నూటికి తొంభై మాటలు అందేవి.

మొహం ఎందుకంటే, చెవి వదిలేసినదాన్ని పెదాలు పట్టిస్తాయి. ప అన్నా బ అన్నా మ అన్నా పెదాలు ఒకేలా మూసుకుంటాయి, తేడా చెవే చెప్పాలి. ప కీ, క కీ తేడా నా చెవి చెప్పలేదు, పెదాలు చెబుతాయి. రెండూ కలిస్తే పని నడుస్తుంది. కానీ నాలుక చేసే పని నోటి లోపల జరిగిపోతుంది, అది బయటికి కనబడదు.

ఇప్పుడు ఆ కిటికీ దగ్గరికి రా. నువ్వు పైన ఉన్నావు, వెనక ఎండ. పెదాలు మూసుకుని తెరుచుకుని, గుండ్రంగా అయ్యాయి. పో అన్నా పు అన్నా అలాగే అవుతాయి, అద్దంలో చూసుకో. చివర 'ఆడు' వినబడింది. మధ్యలో యా అన్నావో ట్టా అన్నావో, ఆ పని నాలుకది. ట్టా అనేటప్పుడు గొంతు ఒక్క క్షణం ఆగుతుంది. నువ్వు ఆగలేదు, కానీ ఆగావో లేదో తెలియకుండా ఇంజను మోత నింపేసింది. బాబు అన్నది స్పష్టంగా విన్నాను. చెల్లెమ్మ పుట్టింటికి వెళ్ళినప్పటినుంచి కాన్పు కబురు కోసమే ఎదురుచూస్తున్నాను. నా మెదడు ఖాళీలో తనకి కావలసిన అక్షరం పెట్టుకుంది. ఊహించానని కూడా నాకు తెలియలేదు. పుట్టాడు అనే విన్నాను, నీ గొంతులోనే విన్నాను.

ఇదంతా నా మాట మీద నమ్మక్కర్లేదు. నీ మొదటి ఉత్తరం అందిన వారానికి పెద్దాసుపత్రిలో చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మెత్తటి గోడలున్న చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి ఇయర్‌ఫోన్లు తొడిగి, చప్పుడు వినబడినప్పుడల్లా బొత్తం నొక్కమన్నారు. లావు చప్పుళ్ళన్నిటికీ నొక్కాను. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. పరీక్ష అయిపోయిందేమో అని అద్దంలోంచి చూస్తే, అవతల పరీక్ష చేసే ఆవిడ మీట తిప్పుతూనే ఉంది. ఆవిడ చప్పుడు పెంచుతోంది, నేను ఊరికే కూర్చున్నాను. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆవిడ గీసిచ్చిన కాగితంలో గీత సగం దాకా తిన్నగా వచ్చి, అక్కణ్ణుంచి గోతిలోకి దిగిపోయింది. రెండు చెవులకీ అంతే.

తర్వాత నోటికి అట్ట అడ్డం పెట్టుకుని ఇరవై ఐదు మాటలు చదివి, తిరిగి చెప్పమంది. పద్నాలుగు చెప్పాను. అట్ట తీసి ఇంకో ఇరవై ఐదు చదివితే ఇరవై రెండు చెప్పాను. అట్ట పెట్టి, జనం గోల రికార్డు వేసి చదివింది. ఆరు.

లోపల చెవిలో సన్నటి వెంట్రుకల్లాంటివి ఉంటాయట. మోతకి అవి విరిగిపోతాయట, మళ్ళీ మొలవవట. మందు లేదు, ఆపరేషన్ లేదు. చెవికి మిషను పెట్టుకుంటే సాయం చేస్తుంది కానీ పాత చెవి రాదు. నాతో అరిచి మాట్లాడితే కూడా లాభం లేదు. చిన్న చప్పుడు అందదు, పెద్దది మరీ పెద్దగా తగిలి నొప్పి పుడుతుంది. అరుపులో లావయ్యేవి అచ్చులే, అవి నాకు ముందే వినబడుతున్నాయి. ఎదురుగా నిలబడి, మామూలు గొంతుతో, కాస్త నెమ్మదిగా, అదే మాట కాకపోతే ఇంకో మాటతో చెప్పాలి. అది చాలు.

వేషం అన్నావు. ముల్లూ, వేషం ఏప్రిల్ దాకా కట్టాను. నీ ఉత్తరంతో మానేశాను. వినని మాటకి ఇక 'ఆ' అనకూడదని అనుకున్నాను. అందుకే అడుగుతున్నాను, ప్రతివాణ్ణీ, ప్రతిసారీ. ఎంత కష్టంగా ఉందో చెప్పలేను. మొదటిసారి అడిగితే గట్టిగా చెబుతారు. రెండోసారి విసుగ్గా చెబుతారు. మూడోసారి చెయ్యి ఊపి "ఏం లేదులే" అంటారు. నాకు ప్రపంచంలో అన్నిటికంటే భయం ఆ మాటంటేనే. ఆ ఏమీ లేనిదానిలో ఏముందో నాకు ఇప్పుడు తెలుసు కాబట్టి, నాలుగోసారి కూడా అడుగుతాను. సాయంత్రానికి, మాటల వెంట పరిగెత్తి పరిగెత్తి, తల బరువెక్కిపోతుంది. ఫోర్‌మన్‌కి కాగితం చూపించాను. లైను మీద వద్దని లేబుళ్ళ గోదాములో వేశారు. అక్కడ నిశ్శబ్దంగా ఉంటుంది. 'మళ్ళీ' అన్న పేరు నాకు బాగానే ఉంది, పిలిస్తే మ మొదటే అందుతుంది.

ఫోన్ వద్దన్నది తీరిక కోసం కాదు. ఫోన్లో నాకు పెదాలు ఉండవు, అసలే సన్నటి చప్పుళ్ళు అందులో ఇంకా సగం చచ్చిపోతాయి. నీకు అబద్ధం చెప్పాను.

చివరిగా ఒకటి. చెవులు పోవడం నా తప్పు కాదేమో. కానీ ఆ రోజు నీ మొహం చూశాను. నవ్వుతున్న మొహం కాదది. అది చూసి లోపల ఎక్కడో ఒక్కసారి తగిలింది, ఏదో తేడాగా ఉందని. "ఏమన్నావు?" అని అడగడానికి నాకు అర నిమిషం ఉంది. పదిమందిలో అడగడం నామోషీ అనిపించి, నవ్వేశాను. అది చెవి చేసిన పని కాదు, నేను చేసింది. నువ్వు క్షమించకపోయినా నాకు అర్థమవుతుంది. నీ బాబు పోయాడు. నేను నీ పక్కన ఉండాల్సిన రోజున నవ్వాను.

కాగితం నకలు జతచేశాను.

నీ
సీసా

•

గడియారాల కొట్టు, మేడమీద గది,
జూన్ 3

ఒరేయ్ సీసా,

నీ ఉత్తరం మొదట ఒక్కణ్ణే చదివాను. తర్వాత అద్దం ముందు నిలబడి, రెండు మాటలూ గొంతు లేకుండా అన్నాను. నువ్వు చెప్పినట్టే ఉన్నాయి.

కోపం పోయిందిరా. కానీ నేను నీకు రాయనిది ఒకటుంది. అది కూడా చెప్పకపోతే మన మధ్య నువ్వొక్కడివే తప్పు చేసినవాడివిగా మిగిలిపోతావు.

నువ్వు మిఠాయి ఏదిరా అని అరిచావు కదా, బస్సులో వాళ్ళందరూ విన్నారు. నీకు తప్ప అందరికీ చెవులున్నాయి. నా పక్కన కూర్చున్న పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని "కొడుకా బాబూ?" అంది. కాదండీ, పోయాడండీ అనాలి. మాట గొంతు దాకా వచ్చింది. తల ఊపాను. "ఎవరి పోలిక?" అంది. "తల్లి పోలిక" అన్నాను. "పాలు తాగుతున్నాడా?" అంది. "తాగుతున్నాడు" అన్నాను. వెనక సీటాయన లేచొచ్చి భుజం తట్టాడు. నాలుగు గంటల ప్రయాణం. ఆ నాలుగు గంటలూ నా కొడుకు బతికే ఉన్నాడు. వాడికి జుట్టు ఎక్కువని చెప్పాను, రాత్రుళ్ళు నిద్రపోనివ్వడం లేదని చెప్పాను. దిగేటప్పుడు ఆవిడ జాగ్రత్తగా చూసుకోమంది. చూసుకుంటానన్నాను.

దిగాక బస్టాండు గోడ పక్కన వాంతి చేసుకున్నాను. ఆ రోజు నుంచి నాకు నా మీదే అసహ్యం. దాన్ని మోయలేక నీ మీద వేశాను. నువ్వు వినక తల ఊపావు, నేను అన్నీ విని తల ఊపాను. నీదానికంటే నాదే తెలిసి చేసిన తప్పు.

అప్పటినుంచి ఆ మాట మళ్ళీ నోటితో అనలేదు. నీకు రాశాను, అంతే. మీ చెల్లెలితో కూడా అనలేదు. తను ఎత్తితే కొట్టులోకి దిగిపోయేవాణ్ణి. నీ ఉత్తరం, ఈ బస్సు సంగతి నీకోసం రాసిపెట్టుకున్న కాగితం, రెండూ మొన్న తనకి చదివి వినిపించాను. బస్సు దగ్గరకొచ్చేసరికి చదవలేకపోయాను. తనే కాగితం తీసుకుని మిగతాది చదివింది. చదివి, నేను భయపడ్డట్టు కోప్పడలేదు. "జుట్టు ఎక్కువని చెప్పారా?" అంది. "నిజమే కదా" అంది. ఫిబ్రవరి తర్వాత ఇద్దరం కలిసి ఏడ్చింది ఆ రోజే.

తర్వాత తను ఒక మాట అంది, అది నీకు రాయమంది. ఈ మూడు నెలల్లో చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ ఒక్కసారి విన్నారట. విన్నవెంటనే మాట మార్చేశారట. ఎండల గురించో, ఇంకా వయసుంది కదా అనో. వాడి కళ్ళెలా ఉండేవి, ఎంత బరువుండేవాడు, నర్సు వేలు ఎలా పట్టుకున్నాడు, ఇవి చెప్పబోతే "ఇప్పుడవన్నీ ఎందుకమ్మా" అంటారట. ఒక్కళ్ళు కూడా రెండోసారి అడగలేదట. "మీ స్నేహితుణ్ణి రమ్మనండి. అర్థమయ్యేదాకా వదలకుండా అడిగే మనిషికి చెప్పాలని ఉంది" అంది.

కాబట్టి రా. వచ్చే ఆదివారం కొట్టుకి సెలవు. కింద గోడ నిండా గడియారాలున్నాయి, నీ కోసం వాటిని ఆపను, నీకెలాగూ వినబడవు. మేడమీద గదిలో కిటికీకి వీపు పెట్టి నువ్వు కూర్చో. వెలుగు మా మొహాల మీద పడుతుంది. ఒకరి తర్వాత ఒకరం మాట్లాడతాం, అరవం. 'ఏం లేదులే' అని మా ఇద్దరిలో ఎవరూ అనం.

మేం వాడికి పేరు పెట్టామని నీకు తెలియదు. మూడో రోజున పెట్టాం. ఆసుపత్రి కాగితంలో తప్ప ఎక్కడా లేదు, మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. ఈ ఉత్తరంలో రాయను. అందులో మూడు అక్షరాలున్నాయి, రెండు నువ్వు చెప్పిన సన్నటివే. మొదటిసారి చెబితే నీకు అందదు, రెండోసారి కూడా అందకపోవచ్చు. అడుగుతూ ఉండు. చెబుతూ ఉంటాం.

నీ
ముల్లు